అంకెల నడుమ గీత, చుక్క, ± : తెలుగు సాంకేతిక వ్యాసాలలో ఒకే పద్ధతి అవసరం

గోదావరి డెల్టాలోని రామచంద్రపురం పరిసర గ్రామాలలో వరి దిగుబడిని ఎకరాకు ఇన్ని బస్తాలు అని చెప్పుకోవడం వాడుక. బస్తా అంటే 75 కిలోలు. అదే దిగుబడి పరిశోధన పట్టికలో హెక్టారుకు ఇన్ని టన్నులుగా, రెండు దశాంశ స్థానాలతో, పక్కన ± గుర్తుతో కనిపిస్తుంది. పట్టికలోని అంకెను పొలం గట్టు వరకు చేర్చవలసిన బాధ్యత తెలుగు వ్యాసానిది. ఆ బాధ్యతను నెరవేర్చే క్రమంలో పారిభాషిక పదాల మీద చాలా చర్చ జరిగింది. అంకెల పక్కన నిలిచే గుర్తుల మీద జరిగిన చర్చ స్వల్పం. నిజానికి ఎక్కువ హాని గుర్తుల వల్లనే కలుగుతుంది. కొత్త పదం ఎదురైతే పాఠకుడు ఆగి మరొకరిని అడుగుతాడు. గుర్తును తప్పుగా చదివినప్పుడు మాత్రం తప్పు చదివిన సంగతి అతనికే తెలియదు.

ఒకే గీత, పలు అర్థాలు

మొదట రెండు అంకెల నడుమ వచ్చే అడ్డగీతను పరిశీలించాలి. ఈ క్రింది వాక్యాన్ని సాగు సలహాగా కాక, రాత తీరుకు నమూనాగా మాత్రమే చూడాలి: "నాటిన 10-15 రోజులలో 14-35-14 ఎరువును ఎకరాకు 50-60 కిలోలు వేయాలి." ఇందులో గీత మూడు చోట్ల వచ్చింది. మొదటి చోట అది కాలావధి. రెండవ చోట అది అవధి కాదు. నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలను వరుసగా విడదీసే గుర్తు. మూడవ చోట అది మోతాదుకు కింది హద్దును, పై హద్దును సూచిస్తున్నది. అనుభవజ్ఞుడైన పాఠకుడు సందర్భాన్ని బట్టి గ్రహిస్తాడు. కొత్తగా సాగులోకి వచ్చిన యువ రైతుకు, ఆ వాక్యాన్ని రేడియోలో చదివి వినిపించే వ్యక్తికి ఆ సౌకర్యం లేదు.

ఆంధ్ర ప్రాంతపు దస్తావేజులలో ఇదే గీతకు నాల్గవ పని ఉన్నది. "ఎ.2-50 సెం." అంటే రెండెకరాల యాభై సెంట్లు. అక్కడ గీత దశాంశ బిందువు స్థానంలో నిలిచింది. నీటి మట్టం, ఉష్ణోగ్రత, నికరాదాయం వంటి చోట్ల అదే గీత ఋణ సంజ్ఞగా మారుతుంది. వరిలో తడి, ఆరుదల పద్ధతిని వివరించేటప్పుడు ఈ చిక్కు ప్రత్యక్షంగా కనిపిస్తుంది. పొలంలో పాతిన గొట్టంలో నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగినప్పుడు తిరిగి తడి పెట్టి, నేలపై సుమారు 5 సెంటీమీటర్ల నీరు నిలపాలన్నది ఆ పద్ధతి. దీనిని "5--15 సెం.మీ." అని కుదించి రాస్తే, కాలువ చివరి భూములలో దాళ్వా వేసే రైతు దానిని 5 నుంచి 15 సెంటీమీటర్ల నీటి లోతుగా చదువుతాడు. నీటిని ఆదా చేయడానికి చెప్పిన సలహా నీటిని ఎక్కువ నిలపమన్న సలహాగా తలకిందులవుతుంది. "నేలపై 5 సెం.మీ. నుంచి నేల మట్టానికి కింద 15 సెం.మీ. వరకు" అని రాస్తే ఋణ సంజ్ఞ అవసరమే ఉండదు.

ముద్రణ శాస్త్రంలో ఈ పనులకు వేర్వేరు గుర్తులున్నాయి. యూనికోడ్‌లో సాధారణ అడ్డగీత U+002D, అవధిని తెలిపే పొడవు గీత U+2013, ఋణ సంజ్ఞ U+2212. కీబోర్డు మీది ఒకే మీట మూడింటికీ మొదటి దానినే ఇస్తుంది. పైగా స్ప్రెడ్‌షీట్‌లో "10-12" అని కొడితే అది అవధిగా నిలవక తేదీగా మారుతుంది; కంప్యూటరు అమరికను బట్టి డిసెంబరు 10 గానో, అక్టోబరు 12 గానో కనిపిస్తుంది. పట్టికలోని రోజుల వరుసలో ఉన్నట్టుండి నెల పేరు కనిపిస్తే జరిగింది ఇదేనని గుర్తించవచ్చు.

వీటన్నిటికన్నా సూక్ష్మమైన చిక్కు తెలుగు భాషలోనే ఉన్నది. నాలుగైదు, ఐదారు, ఏడెనిమిది, పదీ పదిహేను అనే జంట సంఖ్యలు తెలుగులో అంచనాను తెలుపుతాయి. "నాలుగైదు రోజులు" అన్నవాడు మూడు రోజులకు వచ్చినా, ఆరు రోజులకు వచ్చినా మాట తప్పినట్లు ఎవరూ భావించరు. సాంకేతిక రచనలో "4-5" అంటే 4 కు తగ్గరాదు, 5 మించరాదు అని అర్థం. పాఠకుడు కంటితో "4-5" చూసి, మనసులో "నాలుగైదు" అని చదువుకుంటాడు. రచయిత హద్దు చెప్పాడు. పాఠకునికి అంచనా చేరింది. లీటరు నీటికి 1.5-2.0 మి.లీ. మందు అన్న చోట ఈ తేడా పైరు మాడిపోవడానికి దారితీయవచ్చు.

ఇందుకు పరిష్కారం భాషలోనే ఉన్నది. హద్దు చెప్పదలచినప్పుడు "నుంచి, వరకు" అనే జంటను వాడాలి. అంచనా చెప్పదలచినప్పుడు అక్షరాలలో "నాలుగైదు" అని రాయాలి. "1.5 నుంచి 2.0 మి.లీ. వరకు" అని రాయడం వల్ల వాక్యం కొద్దిగా పొడవవుతుంది, చదివి వినిపించినప్పుడు మాత్రం రెండు అర్థాలకు తావుండదు. అడ్డగీతను ఎరువుల గ్రేడులకు, పట్టికలలోని గడులకు మాత్రమే పరిమితం చేయడం మేలు.

దశాంశ బిందువు చదివే తీరు

చుక్కతో వచ్చే ఇబ్బంది ప్రాంతాన్ని బట్టి మారుతుంది. రామచంద్రపురంలో ఎకరా అంటే 100 సెంట్లు. కనుక 2.50 ఎకరాలను రెండున్నర ఎకరాలుగా చదివినా, రెండెకరాల యాభై సెంట్లుగా చదివినా ఫలితం ఒక్కటే. అయితే 2.5 అని ఒకే స్థానంతో రాసినప్పుడు దస్తావేజుల వాడుకకు అలవాటుపడిన కన్ను దానిని రెండెకరాల ఐదు సెంట్లుగా తీసుకునే అవకాశం ఉన్నది. తెలంగాణలో ఎకరా అంటే 40 గుంటలు. అక్కడి భూమి రికార్డులలో 1.20 అంటే ఒక ఎకరా ఇరవై గుంటలు, అనగా ఒకటిన్నర ఎకరా. ఆ అంకెను దశాంశంగా తీసుకొని ఎరువు లెక్క వేస్తే, 1.50 ఎకరాలకు పోవలసిన ఎరువు 1.20 ఎకరాలకు సరిపడా మాత్రమే వస్తుంది. పొలానికి అందవలసిన దానిలో ఐదవ వంతు తగ్గిపోతుంది. రెండు రాష్ట్రాల రైతుల సర్వే వివరాలను ఒకే పట్టికలో చేర్చే పరిశోధకులు ఈ వరుసను ముందుగా పరీక్షించాలి. విస్తీర్ణపు వరుసలో చుక్క తరువాతి భాగం ఎన్నడూ 39 దాటకపోతే, అవి గుంటలని అనుమానించవలసిందే.

కాలాన్ని తెలిపేటప్పుడు కూడా ఇదే స్థితి. 6.30 గంటలు అంటే తెలుగు పాఠకునికి ఆరున్నర గంటలు. ప్రయోగశాల పుస్తకంలో అదే 6.30 అంటే ఆరు గంటల పద్దెనిమిది నిమిషాలు. నానబెట్టే కాలం, ఆరబెట్టే కాలం చెప్పేటప్పుడు గంటలను, నిమిషాలను విడిగా రాయడమే క్షేమం.

ఒకటికన్నా తక్కువ మోతాదులకు మరొక జాగ్రత్త అవసరం. తెలుగులో కొలమానాల సంక్షిప్త రూపాలన్నీ చుక్కలతో నిండినవే: మి.లీ., సెం.మీ., కి.గ్రా., రూ. వీటి పక్కన ".5" అని ముందు సున్న లేకుండా రాస్తే, ఆ చుక్క సంక్షిప్త రూపానిదో, సంఖ్యదో తెలియదు. నకలు తీసేటప్పుడు చుక్క జారిపోతే మోతాదు పది రెట్లవుతుంది. "0.5" అని రాసినప్పుడు చుక్క జారినా మిగిలేది "05", అది చూడగానే ఏదో లోపం జరిగిందని తెలుస్తుంది. ముందు సున్న పెట్టడం అలంకారం కాదు. లోపాన్ని బయటపెట్టే ఏర్పాటు.

± గుర్తు ఏమి చెబుతున్నది?

వ్యవసాయ పరిశోధన పత్రికల పట్టికల అడుగున "ఎస్.ఇ.ఎం.±" అనే వరుస, దాని కింద "సి.డి. (5%)" అనే వరుస ఉండడం దీర్ఘకాలపు సంప్రదాయం. మొదటిది సగటు ప్రామాణిక దోషం. రెండవది క్రాంతిక భేదం, అనగా రెండు సగటుల తేడాను నమ్మదగినదిగా పరిగణించడానికి ఉండవలసిన కనీస పరిమాణం. పట్టికలో ఉన్నంత వరకు ఈ రెండింటి అర్థాలు స్పష్టమే. పట్టిక నుంచి వాక్యంలోకి వచ్చేటప్పుడు పేరు జారిపోయి ± మాత్రమే మిగులుతుంది. అక్కడే ప్రమాదం.

లెక్క కోసం ఒక ప్రయోగాన్ని ఊహించుకొందాం. ఐదు ట్రీట్‌మెంట్లు, నాలుగు పునరావృత్తులు గల ర్యాండమైజ్డ్ బ్లాక్ డిజైన్. ఒక ట్రీట్‌మెంటు సగటు దిగుబడి హెక్టారుకు 6.10 టన్నులు, మరొకదానిది 5.85 టన్నులు. సగటు ప్రామాణిక దోషం 0.12 టన్ను. పునరావృత్తులు నాలుగు కనుక, ఒక్కొక్క మడికి చెందిన ప్రామాణిక విచలనం 0.12 ను 4 వర్గమూలంతో హెచ్చవేయగా వచ్చిన 0.24. దోషానికి డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 12. దానికి 5 శాతం స్థాయిలో t విలువ 2.179. కనుక 95 శాతం విశ్వాస పరిధి సగటుకు అటూ ఇటూ 0.26. ఇప్పుడు ఒకే సగటును మూడు విధాలుగా రాయవచ్చు: 6.10 ± 0.12, 6.10 ± 0.24, 6.10 ± 0.26. మూడూ సత్యమే. మూడింటికీ అర్థాలు వేరు. మొదటిది సగటు ఎంత కచ్చితంగా తెలిసిందో చెబుతుంది. రెండవది ఒక మడికీ మరొక మడికీ ఎంత తేడా ఉన్నదో చెబుతుంది. మూడవది నిజమైన సగటు ఏ హద్దుల నడుమ ఉండవచ్చునో చెబుతుంది. ± పక్కన పేరు లేకపోతే ఇది ఏ 6.10 అన్నది పాఠకునికి తెలిసే మార్గం లేదు.

ఇక రెండు ట్రీట్‌మెంట్లను పోల్చవలసి వచ్చినప్పుడు ఏమి జరుగుతుందో చూడాలి. పేరు లేని ± 0.12 ను పాఠకుడు సహజంగా హద్దులుగా తీసుకుంటాడు. మొదటిది 5.98 నుంచి 6.22 వరకు, రెండవది 5.73 నుంచి 5.97 వరకు. రెండూ ఎక్కడా కలవడం లేదు. కనుక మొదటి ట్రీట్‌మెంటు నిశ్చయంగా మెరుగైనదని అతడు తీర్మానిస్తాడు. క్రాంతిక భేదం మాటేమిటి?

క్రాంతిక భేదం = t × √2 × సగటు ప్రామాణిక దోషం = 2.179 × 1.414 × 0.12 = 0.37

రెండు సగటుల తేడా 0.25 మాత్రమే. అది 0.37 కన్నా తక్కువ. కనుక ప్రయోగం ఈ రెండింటి నడుమ తేడాను నిరూపించలేదు. పట్టిక అడుగున ఉన్న రెండవ వరుస చెప్పినదానికి పూర్తిగా విరుద్ధమైన అర్థాన్ని, మొదటి వరుస నుంచి తెచ్చిన ± గుర్తు వాక్యంలో కలిగించింది. అంకెలలో ఒక్కటీ తప్పు కాదు.

దీనిని రామచంద్రపురం రైతు కొలతలోకి మార్చి చూస్తే అసలు విషయం బయటపడుతుంది. హెక్టారు అంటే 2.471 ఎకరాలు. 6.10 టన్నులు ఎకరాకు 2,469 కిలోలు, అంటే 32.9 బస్తాలు. 5.85 టన్నులు ఎకరాకు 2,367 కిలోలు, అంటే 31.6 బస్తాలు. తేడా దాదాపు బస్తా పైన మూడో వంతు. క్రాంతిక భేదం 0.37 టన్ను ఎకరాకు సుమారు 150 కిలోలు, అంటే సరిగ్గా రెండు బస్తాలు. ఈ ఒక్క మాట రైతుకు అందితే చాలు: ఈ ప్రయోగంలో రెండు బస్తాలకు తక్కువైన తేడాను పట్టించుకోనవసరం లేదు. మొదటి ట్రీట్‌మెంటుకు అదనపు ఎరువు ఖర్చు ఉన్నట్లయితే, నిరూపణ కాని బస్తా పైచిలుకు కోసం ఆ ఖర్చు పెట్టాలా అన్నది అప్పుడు రైతు స్వయంగా తేల్చుకోగలడు.

ఇదే మార్పులో మరొక లోపం తరచుగా దొర్లుతుంది. గణన యంత్రం 32.92 బస్తాలు అని చూపుతుంది; వ్యాసం దానిని యథాతథంగా ముద్రిస్తుంది. ప్రామాణిక దోషం 0.12 టన్ను అంటే ఎకరాకు 49 కిలోలు, బస్తాలో మూడింట రెండు వంతులు. బస్తాలో మూడింట రెండు వంతుల అనిశ్చితి ఉన్న సగటుకు బస్తాలో నూరవ వంతు వరకు కచ్చితత్వం ఆపాదించడం శాస్త్రీయం కాదు. "సుమారు 33 బస్తాలు" అనడమే ఇక్కడ ఎక్కువ కచ్చితమైన మాట. సగటులోని దశాంశ స్థానాలు దోషంలోని దశాంశ స్థానాలను దాటకూడదన్న నియమం పట్టికలకు ఎంత వర్తిస్తుందో, కొలమానం మార్చిన తరువాత తెలుగు వాక్యానికీ అంతే వర్తిస్తుంది.

ముద్రణలో ± కు మరొక గండం ఉన్నది. యూనికోడ్‌కు పూర్వపు తెలుగు ఖతులలో ఇలాంటి గుర్తుల స్థానాలను అక్షర భాగాలు ఆక్రమించాయి. అందువల్ల కొందరు + గుర్తు కింద గీత గీసి ± గా చూపడం అలవాటు చేసుకున్నారు. ఆ పాఠాన్ని మరొక ఖతిలోకి మార్చినప్పుడు గీత పోయి "6.10 + 0.12" మిగులుతుంది. సగటు పక్కన కూడిక గుర్తు కనిపించిన ప్రతి చోటా మూలప్రతిని సరిచూడాలి.

హద్దు లోపలా, వెలుపలా?

± గుర్తుకు ఇంకొక అర్థం అనుమతించిన హెచ్చుతగ్గు. ఇది గణాంక దోషం కాదు. ముందే నిర్ణయించిన నియమం. ధాన్యం కొనుగోలులో తేమ గరిష్ఠ పరిమితి 17 శాతం. సార్వా కోత రోజులలో వానలు పడితే రామచంద్రపురం ప్రాంత రైతుకు ఈ ఒక్క అంకె చుట్టూనే ఆందోళన. తెలుగులో ఈ నియమాన్ని "17 శాతం లోపు ఉండాలి" అని ఒకరు రాస్తారు, "17 శాతం మించరాదు" అని మరొకరు రాస్తారు. సరిగ్గా 17.0 వచ్చిన రైతుకు మొదటి వాక్యం ప్రకారం ధాన్యం చెల్లదు, రెండవ వాక్యం ప్రకారం చెల్లుతుంది. గరిష్ఠ పరిమితి అన్న మాటకు సరైన తెలుగు "మించరాదు". అలాగే విత్తన ధృవీకరణలో వరికి మొలక కనీసం 80 శాతం ఉండాలన్న ప్రమాణాన్ని "80 శాతం పైన" అని రాయకూడదు. "80 శాతానికి తగ్గరాదు" అని రాయాలి. లోపు, పైన, దాటి అనే మాటలు హద్దును వెలుపల ఉంచుతాయి. వరకు, మించరాదు, తగ్గరాదు అనేవి హద్దును లోపల చేర్చుకుంటాయి.

దీనికి తోడు మీటరు పరిమితి ఉన్నది. తేమ మీటరు కచ్చితత్వం ± 0.5 శాతం అని తయారీదారు చెప్పాడనుకొందాం. 17.3 చూపిన ధాన్యం నిజమైన తేమ 16.8 నుంచి 17.8 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. దాని అర్థం పరిమితి 17.5 అయిందని కాదు. ఆ ఒక్క రీడింగు ఆధారంగా ధాన్యం పరిమితి దాటిందని తీర్మానించలేమని. కుప్పలో పలు చోట్ల నమూనాలు తీసి, మళ్లీ చూసి, సగటు చెప్పడమే మార్గం. మీటరు దోషాన్నీ, నియమపు హద్దునూ ఒకే ± కింద కలిపి "17 ± 0.5 శాతం" అని రాయడం రెండింటినీ చెడగొడుతుంది.

తెలుగు అంకెల ప్రశ్న

సాంకేతిక రచనలలో ౧, ౨, ౩ వాడాలని కోరేవారి అభిమానం గౌరవించదగినది. తెలుగుకు భిన్నాల లెక్క తెలియదన్న అపోహకు అవే సమాధానం. తూముకు నాలుగు కుంచాలు, కుంచానికి నాలుగు మానికలు, మానికకు నాలుగు సోలలు అన్న కొలతల వెంట, నాలుగవ వంతుల మీద నడిచే ప్రత్యేక భిన్న సంకేతాలు తెలుగులో ఉండేవి. 2008 లో వెలువడిన యూనికోడ్ 5.1 వాటికి U+0C78 మొదలు స్థానాలు కల్పించింది. అయితే నాలుగవ వంతుల పద్ధతిలో 0.12 వంటి దశాంశం పరిమితమైన గుర్తులలో ఇమడదు. తెలుగు సున్న ౦, అనుస్వారం ం చూపునకు ఒకేలా ఉండడం వల్ల "౧౦" స్థానంలో "౧ం" పడినా ముద్రణలో ఎవరూ పట్టలేరు. కంప్యూటరు మాత్రం దానిని సంఖ్యగా గుర్తించదు. తెలుగు అంకెలు అధ్యాయ సంఖ్యలకు, శీర్షికలకు శోభనిస్తాయి. కొలతలకు 0 నుంచి 9 వరకు ఉన్న రూపాలనే నిలపడం సమంజసం.

తెలుగు వ్యాసాలు ప్రచురించే పత్రికలు తమ రచయితలకిచ్చే సూచనలలో ఆరు వాక్యాలు చేర్చితే ఈ చిక్కులలో అధిక భాగం తొలగిపోతుంది. వాక్యంలో అవధిని "నుంచి, వరకు" అని రాయాలి. ఒకటికి తక్కువైన సంఖ్యకు ముందు సున్న ఉండాలి. ఎకరా భాగాలు సెంట్లో, గుంటలో పేర్కొనాలి. ± తరువాత వచ్చే అంకె ఏమిటో, ఎన్ని పునరావృత్తుల నుంచి వచ్చిందో చెప్పాలి. రెండు సగటులను పోల్చే వాక్యంలో క్రాంతిక భేదం తప్పక ఉండాలి. హద్దు చెప్పే చోట "మించరాదు, తగ్గరాదు" అన్న మాటలే వాడాలి. సమీక్షకులు భాషను దిద్దేటప్పుడు వ్యాసంలోని అంకెలున్న వాక్యాలను ఒకసారి పైకి చదివి చూడాలి. పైకి చదవడానికి వీలులేని గుర్తు ఎక్కడ తగిలితే అక్కడ మాట చేర్చవలసి ఉన్నదని అర్థం.